ఇంటి మీటరులో 120, రిపోర్టులో 177: హెచ్‌బీఏ1సీ చెప్పే సగటు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 54. ఆరేళ్లుగా షుగరు ఉంది. నెల రోజుల క్రితం మా డాక్టరు గారు పాత మాత్రకు తోడు కొత్త మాత్ర ఒకటి రాశారు. అప్పటినుంచి ఇంట్లో గ్లూకోమీటరుతో పరగడుపున చూసుకుంటే 110–125 మధ్య, వారానికోసారి మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు చూసుకుంటే 160 లోపు ఉంటోంది. మొన్న ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ చేయిస్తే 7.8 వచ్చింది. దాని కిందే అంచనా సగటు గ్లూకోజు 177 అని వేశారు. ఈ నెలలో నా మీటరులో ఒక్కసారి కూడా 177 కనపడలేదు. హిమోగ్లోబిన్ 13.4 ఉంది. మీటరు తప్పా, ల్యాబ్ తప్పా? కొత్త మందు పనిచేయడం లేదనుకోవాలా?
— ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే మీటరునూ ల్యాబ్‌నూ రెండింటినీ నమ్మవచ్చు, మందు కూడా పనిచేస్తూనే ఉండవచ్చు. మీ మీటరు ఈ నెలలో మీరు ఎంచుకున్న కొన్ని నిమిషాల సంగతి చెబుతోంది. హెచ్‌బీఏ1సీ మాత్రం మందు మొదలుకాకముందు నెలలను కూడా కలుపుకొని, రాత్రీ పగలూ కలిపి చెబుతోంది. ఈ రెండూ ఒకే అంకె దగ్గర కలవాలని ఆశించడం వల్లనే మీకు అనుమానం వచ్చింది. తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చి ఉంటుందో మీ అంకెలతోనే లెక్క వేసి చూద్దాం.

ముందుగా ఆ 177 సంగతి. ల్యాబ్ వారు మీ రక్తంలో 177ను కొలవలేదు. వారు కొలిచింది 7.8 శాతాన్ని మాత్రమే. రెండో అంకెను యంత్రమో కంప్యూటరో కింది సూత్రంతో లెక్కగట్టి అచ్చువేసింది.

```
eAG (mg/dL) = 28.7 × HbA1c − 46.7
```

7.8ని 28.7తో గుణిస్తే 223.9 వస్తుంది, అందులోంచి 46.7 తీసివేస్తే 177 మిగులుతుంది. కాబట్టి 177 అనేది 7.8కి మరో రూపమే తప్ప దానిని బలపరిచే రెండో సాక్ష్యం కాదు. మొదటి అంకెలో ఏదైనా లోపం ఉంటే రెండో దానిలోనూ అదే లోపం ఉంటుంది. ఇదే లెక్క ప్రకారం 6 శాతానికి 126, 7 శాతానికి 154, 8 శాతానికి 183, 9 శాతానికి 212 వస్తాయి. అంటే ఒక శాతం పెరిగిన ప్రతిసారీ సగటు గ్లూకోజు దాదాపు 29 మిల్లీగ్రాములు పెరుగుతుందన్నమాట. మీ స్నేహితుల దగ్గర ఉన్న పాత పట్టికల్లో 9 శాతం ఎదురుగా 243 అని కనిపిస్తే కంగారు పడవద్దు. అది అంతకు ముందు వాడుకలో ఉన్న మరో సూత్రం ఇచ్చే అంకె. ఆ సూత్రానికి ఆధారం టైప్ 1 మధుమేహం ఉన్నవారు రోజుకు ఏడుసార్లు మాత్రమే ఇచ్చిన రక్తపు చుక్కలు.

ఇప్పటి సూత్రం 2008లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం నుంచి వచ్చింది. డేవిడ్ నాథన్ నాయకత్వంలో జరిగిన ఆ అధ్యయనంలో టైప్ 1, టైప్ 2 మధుమేహం ఉన్నవారూ, మధుమేహం లేనివారూ కలిపి 507 మంది వివరాలను లెక్కలోకి తీసుకున్నారు. చర్మం కింద అమర్చిన సెన్సరుతో మధ్యమధ్యలో కనీసం రెండేసి రోజులపాటు నిరంతరాయంగానూ, మిగతా రోజుల్లో వేలి రక్తంతోనూ మూడు నెలలు గ్లూకోజును కొలిచి, ఒక్కొక్కరికి దాదాపు 2,700 అంకెలు సేకరించారు. ఆ అంకెల సగటును అదే మనిషి హెచ్‌బీఏ1సీ పక్కన పెట్టి, అందరి బిందువుల మధ్యగా ఒక సరళరేఖ గీశారు. 28.7, 46.7 అనేవి ఆ రేఖ నుంచి వచ్చిన అంకెలే.

అయితే బిందువులన్నీ ఆ రేఖ మీదే పడలేదు, ఈ సంగతిని ల్యాబ్ రిపోర్టు మీకు చెప్పదు. హెచ్‌బీఏ1సీ సరిగ్గా 7 ఉన్నవారి అసలు సగటు గ్లూకోజు కొందరిలో 123 దగ్గర, మరికొందరిలో 185 దగ్గర ఉంది. 8 ఉన్నవారిలో ఆ పరిధి 147 నుంచి 217 వరకు విస్తరించింది. 8 శాతం ఉన్న ఒక మనిషి సగటు 7 శాతం ఉన్న మరో మనిషి సగటు కన్నా తక్కువగా ఉండడం కూడా సాధ్యమేనని దీని అర్థం. ఎర్ర రక్తకణాల ఆయుష్షు మనిషి మనిషికీ కొద్దిగా మారడం దీనికి ఒక ముఖ్య కారణం. అందుచేత 177ను ఒక గట్టి అంకెగా కాక, మధ్యలో 177 ఉన్న ఒక వెడల్పాటి పట్టీగా చదువుకోవాలి. ఇంకొకరి రిపోర్టుతో పోల్చుకోవడం కన్నా, మీ రిపోర్టును మీ గత రిపోర్టుతో పోల్చుకోవడంలోనే ఈ పరీక్ష ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. ఎందుకంటే మీ కణాల తీరు ఆ రెండు పరీక్షల మధ్య సాధారణంగా మారదు.

ఇక ఈ శాతం అసలు దేనిని కొలుస్తోందో చూద్దాం. ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజు వెళ్లడానికి ఇన్సులిన్ సాయం అక్కరలేదు. రక్తంలో ఎంత ఉంటే కణం లోపల కూడా ఇంచుమించు దానికి తగ్గట్టుగానే ఉంటుంది. లోపలికి వెళ్లిన గ్లూకోజు ఏ ఎంజైము ప్రమేయమూ లేకుండా, నెమ్మదిగా, హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉండే వేలిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. మొదట అది సులువుగా ఊడిపోగల బంధం. కొంతసేపటికి అణువు లోపలి అమరిక మారి, ఇక ఊడిరాని గట్టి బంధంగా స్థిరపడుతుంది. అలా స్థిరపడిన అణువులే హెచ్‌బీఏ1సీ. మధుమేహం ఉన్నవారి రక్తంలో ఈ అసాధారణ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉందని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ గుర్తించారు. మీ 7.8 అంటే, స్థూలంగా, వెయ్యి హిమోగ్లోబిన్ అణువుల్లో 78 అణువులు ఇలా గ్లూకోజును మోస్తున్నాయని అర్థం. ఊడిపోగల తొలి దశ బంధాన్ని నేటి పరీక్షా పద్ధతులు లెక్కలోకి రానివ్వవు కనుక, ఆ ఉదయం మీరు ఇడ్లీ తిని వెళ్లినా, తినకుండా వెళ్లినా ఫలితం మారదు.

గట్టిబంధం ఏర్పడిన అణువు ఆ కణం బతికి ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఇక్కడే చాలామంది ఒక చిన్న విషయం పొరబడతారు. మూడు నెలల సగటు అనగానే ఆ తొంభై రోజులకూ సమానంగా ఓటు ఉంటుందని అనుకుంటారు. నిజానికి నిన్నటి రోజుకు ఉన్న బరువు మూడు నెలల కిందటి రోజుకు లేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇవాళ మీ చేతి నుంచి తీసిన రక్తంలో అన్ని వయసుల కణాలూ కలిసి ఉన్నాయి: నిన్న పుట్టినవీ ఉన్నాయి, రేపు చనిపోబోయేవీ ఉన్నాయి. నిన్నటి గ్లూకోజును వీటిలో దాదాపు అన్నీ చూశాయి. 30 రోజుల కిందటి గ్లూకోజును చూసినవి, ఇవాళ 30 రోజులకు పైబడిన వయసున్న కణాలు మాత్రమే, అంటే ముప్పాతిక వంతు. 60 రోజుల కిందటి గ్లూకోజును సగం కణాలే చూశాయి, 90 రోజుల కిందటి దాన్ని పాతిక వంతే చూశాయి. అంతకన్నా ముందు షుగరు ఎంత ఎక్కువగా ఉండినా దానికి సాక్ష్యం చెప్పగల కణాలు చాలావరకు ఇప్పుడు లేవు.

ఈ వాటాలను కూడితే, చివరి 30 రోజులకే ఫలితంలో సగానికి కొంచెం తక్కువ బరువు వస్తుంది. వైద్యులు గుర్తుంచుకోవడానికి వాడే లెక్క ఇంకా సులువు: చివరి నెలకు సగం, దాని ముందు నెలకు పాతిక, ఆ ముందు రెండు నెలలకూ కలిపి మరో పాతిక. మీ విషయంలో ఈ సులువైన లెక్క చాలు.

మీ కొత్త మందుకు సరిగ్గా ఒక నెల వయసు. అంటే మీ 7.8లో సగం మాత్రమే మందు వచ్చాక గడిచిన కాలానిది. మిగతా సగం మందు రాకముందు కాలానిది. మందు రాకముందు మీ సగటు గ్లూకోజు 200 ఉండేదనీ, ఇప్పుడు 155కు దిగిందనీ అనుకుందాం. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ డాక్టరు గారు మందు కలపవలసినంత షుగరు ఉండింది కాబట్టి 200 అనుకోవడం అసంగతం కాదు. సగం బరువుతో 155ను, సగం బరువుతో 200ను కలిపితే 177.5 వస్తుంది. మీ రిపోర్టులోని 177 అదే. ఇదే స్థాయిలో నాలుగు నెలలు నిలకడగా ఉండి ఉంటే 200 సగటుకు హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చేది, 155 సగటుకు 7.0 వచ్చేది. మీ 7.8 ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. దిగుతున్న మెట్ల మధ్యలో తీసిన ఫోటో లాంటిది మీ రిపోర్టు. అందులో మనిషి నిలబడిన మెట్టు కనిపిస్తుంది కానీ దిగుతున్నాడో ఎక్కుతున్నాడో కనిపించదు. మందు మొదలుపెట్టక ముందు చేయించిన హెచ్‌బీఏ1సీ రిపోర్టు మీ దగ్గర ఉంటే వెతికి తీయండి. అందులో 8.5కు అటూఇటుగా ఉంటే ఈ లెక్క మీకు సరిపోయినట్టే.

కానీ 155 కూడా మీరు మీటరులో చూస్తున్న అంకెల కన్నా ఎక్కువే కదా. పరగడుపున 118, భోజనమయ్యాక 158 అనుకుని సగటు కడితే 138 వస్తుంది. ఆ మిగతా తేడా మీరు ఎప్పుడు చూస్తున్నారన్న దానిలో ఉంది. చాలామందిలో పరగడుపు సమయం రోజు మొత్తంలో తక్కువ అంకె వచ్చే వేళల్లో ఒకటి. మధ్యాహ్న భోజనం తరువాత రెండు గంటలకు చూసినప్పుడు గ్లూకోజు తరచుగా శిఖరం దాటి కిందికి దిగుతూ ఉంటుంది. మీరు అసలు చూడనిది పొద్దుటి టిఫిను తరువాత, సాయంత్రం కాఫీ చిరుతిండి తరువాత, రాత్రి భోజనం తరువాత. ఇడ్లీ, దోశ, ఉప్మా వంటి టిఫిను తరువాత వచ్చే పెరుగుదల మధ్యాహ్నం కన్నా ఎక్కువగా ఉండడం సాధారణంగా కనిపించే విషయమే, ఎందుకంటే తెల్లవారుజామున పెరిగే హార్మోన్ల ప్రభావం వల్ల ఉదయం పూట ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు. మీలాంటి ఒకరి రోజును ఊహించి చూడండి. పరగడుపున 118, టిఫినుకు రెండు గంటల తరువాత 188, మధ్యాహ్న భోజనానికి ముందు 132, భోజనమయ్యాక 158, సాయంత్రం 160, రాత్రి భోజనమయ్యాక 192, తెల్లవారుజామున మూడు గంటలకు 137. ఈ ఏడింటినీ కలిపితే 1085, ఏడుతో భాగిస్తే 155. ఆ రోజులో మీరు చూసుకునే అలవాటున్న రెండు వేళల అంకెలూ మీరు రాసినట్టే ఉన్నాయి, అయినా రోజు సగటు 155. ఏడు చుక్కల సగటు ఇరవై నాలుగు గంటల అసలు సగటుతో పూర్తిగా సమానం కాదు, భోజనం తరువాతి వేళలకు అందులో కొంత ఎక్కువ బరువు పడుతుంది. అయినా రెండు చుక్కల సగటు కన్నా అది చాలా మెరుగు.

ఇందువల్లనే 177ను మీ పరగడుపు లక్ష్యంతో పోల్చకూడదు. సాధారణంగా పెద్దవారికి పెట్టే లక్ష్యాల్లో భోజనానికి ముందు 80 నుంచి 130, హెచ్‌బీఏ1సీ 7 లోపు అని ఉంటుంది. 7 శాతానికి సగటు 154 కదా, 130 లోపు ఉండాలన్నప్పుడు 154 ఎలా సరైందని కొందరు అడుగుతారు. రెండూ వేర్వేరు కొలతలు: ఒకటి భోజనానికి ముందటి క్షణం, మరొకటి భోజనాలతో సహా రోజంతా. వయసును బట్టి, గుండె, కిడ్నీల స్థితిని బట్టి మీ డాక్టరు గారు మీకు వేరే లక్ష్యం పెట్టి ఉండవచ్చు. అదే మీకు వర్తిస్తుంది.

మీటరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటి మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, గ్లూకోజు 100 లేక అంతకు పైన ఉన్నప్పుడు నూటికి 95 అంకెలు ల్యాబ్ విలువకు 15 శాతం అటూఇటూగా ఉంటే ఆ మీటరు సరైనదే. అసలు విలువ 160 అయితే మీటరు 136 నుంచి 184 వరకు ఏదైనా చూపవచ్చన్నమాట. మీ మీటరు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతోందా అని తెలుసుకోవాలంటే, ఈసారి ల్యాబ్‌కు పరగడుపున వెళ్లినప్పుడు దానిని వెంట తీసుకెళ్లి, వారు రక్తం తీసిన నిమిషాల్లోనే చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని వేలి చుక్కతో చూడండి. గడువు దాటిన స్ట్రిప్పులూ, మూత సరిగా పెట్టని డబ్బాలో తేమ తగిలిన స్ట్రిప్పులూ తప్పు అంకెలు ఇస్తాయి. వేలికి పండు రసం అంటుకుని ఉంటే అంకె నిజం కన్నా ఎక్కువ వస్తుంది. భోజనం తరువాత పోల్చి చూడడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే అప్పుడు వేలి రక్తంలో గ్లూకోజు చేతి నరం నుంచి తీసిన రక్తంలో కన్నా సహజంగానే ఎక్కువ ఉంటుంది.

ల్యాబ్ అంకెలోనూ కొద్ది ఊగిసలాట ఉంటుంది. ఒకే రక్తాన్ని రెండు మంచి ల్యాబ్‌లకు పంపినా 7.8, 7.6 రావడం వింత కాదు. అందుచేత రెండు రిపోర్టుల మధ్య 0.2, 0.3 తేడాకు సంబరపడడం గానీ దిగులు పడడం గానీ తగదు. అరశాతం తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా తీసుకోవచ్చు. మళ్లీ అదే ల్యాబ్‌లో చేయించుకుంటే పోలిక ఇంకా శుభ్రంగా ఉంటుంది.

పండగ రోజుల తిండి వల్ల 7.8 వచ్చిందేమోనని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఇందాకటి లెక్కతోనే దీన్నీ చూడవచ్చు. పరీక్షకు ముందున్న మూడు రోజులకు ఫలితంలో సుమారు ఇరవయ్యో వంతు బరువు ఉంటుంది. ఆ మూడు రోజులూ అరిసెలు, బొబ్బట్లు తిని సగటు 60 మిల్లీగ్రాములు పెరిగినా, మొత్తం సగటు మీద పడేది 3 మిల్లీగ్రాములు, అంటే హెచ్‌బీఏ1సీలో 0.1. పరీక్ష తేదీ తెలిసి పది రోజులు కఠినంగా పథ్యం చేసినవారి విషయమూ ఇంతే: సగటు 40 తగ్గినా 0.2కు మించి మారదు. ఈ పరీక్షను ముందురోజు జాగ్రత్తతో మార్చలేకపోవడమే దాని విలువ.

ఇప్పుడు ఈ లెక్కంతా పనికిరాకుండా పోయే సందర్భం గురించి చెప్పాలి. పైన చెప్పినదంతా కణాలు 120 రోజులు బతుకుతాయన్న నమ్మకం మీద నిలబడింది. కణాలు అంతకన్నా ముందే నశించే జబ్బుల్లో గ్లూకోజు అతుక్కునే సమయం చాలదు కనుక హెచ్‌బీఏ1సీ నిజం కన్నా తక్కువ వస్తుంది. ఎర్రకణాలు చితికిపోయే రక్తహీనతలు, ఈమధ్య రక్తం ఎక్కువగా పోవడం, రక్తం ఎక్కించుకోవడం, డయాలసిస్ రోగులకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్లు, కుష్ఠుకూ కొన్ని చర్మవ్యాధులకూ వాడే డాప్సోన్ మాత్రలు ఈ కోవలోకి వస్తాయి. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో దీనికి ఎదురు జరుగుతుంది. కొత్త కణాల తయారీ మందగించి రక్తంలో ముసలి కణాల పాలు పెరుగుతుంది కాబట్టి షుగరు పెరగకపోయినా శాతం పెరగవచ్చు. ఇనుము మాత్రలు మొదలుపెట్టాక కొత్త కణాలు వెల్లువలా వచ్చినప్పుడు అదే శాతం, షుగరు తగ్గకుండానే, పడిపోతుంది. మన దగ్గర ఆడవారిలో ఇనుము లోపం ఎంత ఎక్కువో తెలిసిందే కనుక, వారి రిపోర్టులు చదివేటప్పుడు నేను హిమోగ్లోబిన్ అంకెను పక్కన పెట్టుకోకుండా హెచ్‌బీఏ1సీని చదవను. సికిల్ సెల్ జబ్బు పూర్తిగా ఉన్నవారిలో సాధారణ హిమోగ్లోబిన్ ఏ దాదాపు ఉండదు కనుక వారికి ఈ పరీక్షకే అర్థం లేదు. ఆ జన్యువు ఒక్కటే మోస్తున్నవారిలో కొన్ని యంత్రాలు సరిగ్గానే కొలుస్తాయి, కొన్ని కొలవలేవు. ఆదిలాబాద్ ప్రాంతంలోని, విశాఖ ఏజెన్సీలోని గిరిజన కుటుంబాల వారు ఈ సంగతిని తమ డాక్టరుతో ముందే చెప్పాలి.

ఇలాంటిది ఉందని ఎలా తెలుస్తుంది? రోజులో వివిధ వేళల్లో చాలాసార్లు చూసిన అంకెల సగటూ, నిలకడగా ఉన్న కాలంలో చేసిన హెచ్‌బీఏ1సీ చెప్పే సగటూ పదేపదే పొసగకపోతే అనుమానించాలి. అప్పుడు రక్తకణాల పూర్తి పరీక్షలో కణాల సైజు ఎలా ఉందో, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెర్రిటిన్ ఎంత ఉందో చూస్తారు. అవసరమైతే హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూసే పరీక్ష కూడా చేస్తారు. ఆ మధ్యలో షుగరు అదుపును అంచనా వేయడానికి ఫ్రక్టోసమైన్ పరీక్ష ఉంది. అది కణాల మీద కాక రక్తంలోని ప్రోటీన్ల మీద గ్లూకోజు ఎంత అతుక్కుందో చూస్తుంది కాబట్టి గత రెండు మూడు వారాల సగటునే చెబుతుంది, కణాల ఆయుష్షుతో దానికి సంబంధం లేదు. మీ హిమోగ్లోబిన్ 13.4 అంటే మగవారికి రక్తహీనత హద్దు అయిన 13కు పైనే ఉంది. ఒక్క ఆ అంకెతో అన్నిటినీ కొట్టిపారేయలేం, కానీ మీ ఇంటిలో ఎవరికీ రక్తసంబంధ జబ్బు లేకపోతే, ఈమధ్య రక్తదానం చేసి ఉండకపోతే, ఇప్పటికిప్పుడు ఈ దారిలో వెతకవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మందు మార్చవద్దు, మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు. రాబోయే రెండు వారాల్లో ఏవైనా మూడు మామూలు రోజులు ఎంచుకుని, పైన చెప్పిన ఏడు వేళల్లో మీటరుతో చూసి, పక్కన ఏం తిన్నారో కూడా ఒక నోటు పుస్తకంలో రాయండి. తెల్లవారుజామున మూడు గంటలకు లేవడం మూడు రోజులూ కష్టమైతే ఒక రోజు చాలు. మీ మాత్రల్లో షుగరును మరీ కిందికి దించగల గ్లిమెపిరైడ్ వంటిది ఉంటే మాత్రం ఆ ఒక్కరోజూ తప్పించవద్దు, ఎందుకంటే సగటు అంకె లోతైన పల్లాలను దాచేస్తుంది. రాత్రి 60కి పడిపోయి పగలు 240కి పెరిగే మనిషికీ, రోజంతా 150 దగ్గర ఉండే మనిషికీ హెచ్‌బీఏ1సీ ఒకేలా రావచ్చు. చెమటలు పట్టడం, వణుకు, అకస్మాత్తుగా ఆకలి వంటివి అనిపించినప్పుడు వేళ కాకపోయినా చూసుకుని, 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. ఆ పుస్తకం మీ డాక్టరు గారికి చూపండి.

తరువాతి హెచ్‌బీఏ1సీని ఇప్పటినుంచి రెండు నెలలకు, అంటే మందు మొదలై మూడు నెలలు నిండాక చేయించండి. అంతకన్నా ముందు చేయిస్తే పాత కాలపు బరువు ఇంకా ఉంటుంది. పైన అనుకున్న 200, 155 అంకెలే నిజమనుకుంటే, మరో నెలకు మీ హెచ్‌బీఏ1సీ 7.4 దగ్గర, మూడు నెలలు నిండేసరికి 7.1 దగ్గర, నాలుగు నెలలకు 7.0 దగ్గర ఉండాలి. అప్పుడు 7.1కి అటూఇటుగా వస్తే 7.8 వెనకటి నెలల వల్ల వచ్చిందని తేలిపోతుంది. మూడు నెలల తరువాత కూడా 7.7, 7.8 దగ్గరే ఆగిపోతే పాత నెలలను నిందించడానికి వీలుండదు. అప్పుడు మీ ఏడు వేళల పుస్తకం తెరవాలి. అందులోనే టిఫిను తరువాతో, రాత్రి భోజనం తరువాతో 220, 240 వంటి అంకెలు కనిపిస్తే కారణం అక్కడే ఉంది, ఆ పూట తిండినో మందు వేళనో మీ డాక్టరు గారు సర్దుతారు. పుస్తకంలో రోజంతా 150 లోపే ఉండి, మీటరు ల్యాబ్‌తో సరిపోలినా 7.8 కదలకపోతే, ఎర్ర రక్తకణాల పరీక్షలూ ఫ్రక్టోసమైనూ రాయమని అప్పుడు అడగండి.